అయోర్టిక్ డిసెక్షన్: ఛాతీలో, వీపులో చీల్చేసే నొప్పి గురించి విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఛాతీ నొప్పి అనగానే మనవాళ్లకు రెండే గుర్తొస్తాయి: గ్యాస్ లేదా గుండెపోటు. మూడోది ఒకటుంది. అది అరుదుగానే వస్తుంది, కానీ వస్తే గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. పైగా గుండెపోటులో ప్రాణం కాపాడే మందే దీనికి ప్రమాదం కావచ్చు. విశాఖలో ఎమర్జెన్సీ విభాగంలో పనిచేసే డాక్టరుగా, రోగుల వెంట వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అయోర్టిక్ డిసెక్షన్ అంటే ఏమిటి?

గుండె నుంచి ఒంటినిండా రక్తాన్ని మోసుకెళ్లే పెద్ద రక్తనాళం అయోర్టా. తెలుగులో బృహద్ధమని అంటాం. అది గుండె నుంచి పైకి లేచి, మెడ కింద వంపు తిరిగి, వెన్నెముక పక్కగా కడుపులోకి దిగుతుంది. దారిపొడవునా దాని నుంచి కొమ్మలు చీలి గుండె కండరానికి, మెదడుకు, చేతులకు, వెన్నుపాముకు, పేగులకు, కిడ్నీలకు, కాళ్లకు వెళ్తాయి.

దాని గోడలో మూడు పొరలుంటాయి. లోపలి పొరలో ఎక్కడో ఒకచోట చిరుగు పడితే, గుండె కొట్టిన ప్రతిసారీ రక్తం ఆ చిరుగులోంచి గోడలోకే దూరుతుంది. నీరు దిగిన ప్లైవుడ్ పొరలు విడిపోయినట్టు గోడ రెండుగా విడిపోతూ పోతుంది. అసలు దారి పక్కనే ఒక దొంగ దారి ఏర్పడుతుంది. ఈ విడిపోవడాన్నే డిసెక్షన్ అంటారు. అది కొన్ని సెకన్లలోనే ఛాతీ నుంచి తొడల దాకా పాకగలదు.

ఆ తరువాత జరిగే నష్టమంతా రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి, పలచబడిన బయటి పొర పగిలి రక్తం గుండె చుట్టూ ఉన్న సంచిలోకో ఛాతీలోకో పోవడం. రెండు, దొంగ దారి ఉబ్బి, కొమ్మల మొదళ్లను నొక్కేయడం. ఏ కొమ్మ మూసుకుపోతే ఆ అవయవానికి రక్తం ఆగిపోతుంది. అందుకే ఒకే జబ్బు ఒకరిలో పక్షవాతంలా, ఇంకొకరిలో కడుపు నొప్పిలా, మరొకరిలో కాలు చల్లబడినట్టుగా కనిపిస్తుంది.

నొప్పి ఎలా ఉంటుంది? గుండెపోటు నొప్పికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే పెద్ద గుర్తు నొప్పి మొదలయ్యే తీరు. గుండెపోటు నొప్పి చాలామందిలో బరువుగా, బిగించినట్టుగా మొదలై నిమిషాల్లో పెరుగుతుంది. డిసెక్షన్ నొప్పి మొదటి క్షణంలోనే తారస్థాయిలో ఉంటుంది. "అప్పుడు ఏం చేస్తున్నారు?" అని అడిగితే రోగి ఠక్కున చెప్పేస్తాడు: చెంబు ఎత్తుతున్నాను, బండి స్టార్ట్ చేస్తున్నాను, బాత్రూంలో కూర్చున్నాను అని. నిమిషంతో సహా గుర్తుంటుంది.

పుస్తకాల్లో చీల్చేసినట్టు ఉంటుందని రాస్తారు. నిజానికి చాలామంది ఆ మాట వాడరు. కత్తితో పొడిచినట్టుందనో, లోపల ఏదో తెగిపోయిందనో, ఇంత నొప్పి జన్మలో ఎరగననో చెప్తారు. కాబట్టి రోగి ఏ మాట వాడాడన్నది నేను పెద్దగా పట్టించుకోను. ఎంత హఠాత్తుగా వచ్చింది, ఎంత తీవ్రంగా వచ్చింది, ఇప్పుడు ఎక్కడికి జరిగింది, ఈ మూడూ అడుగుతాను. ఛాతీ ముందు భాగంలో మొదలై వీపులోకి, రెక్కల మధ్యకు, తరువాత నడుముకో కడుపుకో జరిగితే అనుమానం బలపడుతుంది. గోడ విడిపోతున్న కొద్దీ నొప్పి కూడా దాని వెంటే కిందికి దిగుతుంది.

గుర్తులు ఇలా ఉన్నా, ఇంట్లో కూర్చుని రెండింటినీ విడదీయడం ఎవరివల్లా కాదు. విడదీయాల్సిన అవసరం కూడా మీకు లేదు. రెండింటికీ వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

నొప్పి గంటలో తగ్గిపోయింది. ఇక భయం లేనట్టేనా?

కాదు. గోడ విడిపోవడం తాత్కాలికంగా ఆగినప్పుడు నొప్పి తగ్గుతుంది. రోగి లేచి కూర్చుని టీ అడగొచ్చు. కొంతమంది అక్కడితో ఇంటికి వెళ్లిపోదామంటారు. చిరుగు మాత్రం అలాగే ఉంటుంది. మళ్లీ నొప్పి వచ్చిందంటే విడిపోవడం ముందుకు సాగిందనో, పగలబోతోందనో అనుకోవాలి. చావు తప్పదేమో అన్నంత నొప్పి వచ్చి తగ్గినవాళ్లను కారణం తేలకుండా ఇంటికి పంపకూడదు.

కొద్దిమందిలో నొప్పే ఉండదు. వయసు మళ్లినవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఇది కాస్త ఎక్కువ. వాళ్లు స్పృహ తప్పి పడిపోయారనో, మాట పడిపోయిందనో, ఆయాసమనో వస్తారు.

ఆసుపత్రిలో దీన్ని ఎలా పట్టుకుంటారు?

ఒక ఉదాహరణతో చెప్తాను. ఇది ఒక్క రోగి కథ కాదు. ఇలాంటి కేసుల్లో మామూలుగా కనిపించేవాటిని ఒకచోట చేర్చి రాసింది.

గాజువాకలో లారీల మెకానిక్, 54 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా బీపీ ఉంది. ఒంట్లో బాగానే ఉంది కదా అని రెండు నెలలుగా మాత్రలు మానేశాడు. ఉదయం ఐదున్నరకు నీళ్ల క్యాన్ ఎత్తుతుండగా ఛాతీ మధ్యలో పొడిచినట్టు నొప్పి వచ్చింది. చెమటలు పట్టాయి, ఒక నిమిషం కళ్లు తిరిగి కింద కూర్చుండిపోయాడు. తరువాత నొప్పి రెక్కల మధ్యకు పోయింది. భార్య గ్యాస్ మాత్ర, సోడా ఇచ్చింది. తగ్గకపోతే ఆటోలో దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

అక్కడ ఈసీజీ తీశారు. కింది వైపు గుండెపోటును తలపించే మార్పులున్నాయి. కుడి చేతికి బీపీ చూస్తే 104/60. చాలాచోట్ల తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే. ఈసీజీ గుండెపోటు అంటోంది, బీపీ తగ్గింది, కాబట్టి సెలైన్ పెట్టి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేద్దాం అనిపిస్తుంది.

డ్యూటీ డాక్టరు మాత్రం ఒక ప్రశ్న అడిగాడు: "నొప్పి మెల్లగా పెరిగిందా, ఒక్కసారిగా వచ్చిందా?" "ఒక్కసారే సార్, ఏదో తెగినట్టు" అన్నాడు రోగి. వెంటనే ఎడమ చేతికి కూడా బీపీ చూశారు. 168/90. రెండు చేతుల మధ్య పైఅంకెలో 20 దాటి తేడా ఉంటే అనుమానించాలి. ఇక్కడ 64 ఉంది. అంటే కుడి చేతికి వెళ్లే కొమ్మ నొక్కుకుపోయింది. అసలు బీపీ ఎడమ చేతిది. రోగికి బీపీ తగ్గలేదు, ప్రమాదకరంగా పెరిగి ఉంది. సెలైన్ పెడితే ఇంకా పెరిగేది.

స్టెతస్కోపు పెడితే గుండె కవాటం లీకవుతున్న శబ్దం. మంచం దగ్గరే ఎకో చేస్తే గుండె దగ్గర అయోర్టా వెడల్పుగా ఉంది, లోపల ఒక పలచటి పొర ఊగుతోంది, గుండె చుట్టూ కొద్దిగా ద్రవం చేరింది. గడ్డ కరిగించే మందు పక్కన పెట్టేసి, నొప్పికి ఇంజెక్షన్, గుండె వేగం తగ్గించే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. సీటీ యాంజియోకి పంపారు. గుండె కవాటానికి కాస్త పైనుంచి మొదలై, మెడ కింది వంపు దాటి, కడుపు దాకా అయోర్టా విడిపోయి ఉంది. గుండెకు రక్తం ఇచ్చే కుడి కరోనరీ నాళం మొదలును ఆ పొర సగం మూసింది. ఈసీజీలో గుండెపోటులా కనిపించింది అందుకే.

ఇందులో ఖరీదైన పరికరం చివర్లోనే వచ్చింది. జబ్బు దొరికింది ఒక ప్రశ్న వల్ల, రెండో చేతికి బీపీ చూడటం వల్ల. అయితే రెండు చేతుల్లోనూ బీపీ సమానంగా ఉన్నంత మాత్రాన ఈ జబ్బు లేదని చెప్పలేం. చాలామందిలో తేడా కనిపించదు.

గుండెపోటు అనుకుని గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేస్తే ఏమవుతుంది?

గుండెపోటులో రక్తనాళంలో గడ్డ కడుతుంది కాబట్టి దాన్ని కరిగించే మందు ప్రాణం పోస్తుంది. డిసెక్షన్‌లో కొన్నిచోట్ల గడ్డకట్టిన రక్తమే గోడ పగలకుండా అడ్డుపడుతూ ఉంటుంది. దాన్ని కరిగిస్తే గుండె చుట్టూ రక్తం చేరిపోవచ్చు, ఆపరేషన్‌లో రక్తస్రావం ఆపడం చాలా కష్టమవుతుంది.

అలాగని ప్రతి గుండెపోటుకూ స్కాన్ చేసేదాకా మందు ఆపడం కూడా తప్పే. గుండెపోట్లు డిసెక్షన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆలస్యం చేస్తే వాళ్ల గుండె కండరం చచ్చిపోతుంది. అందుకే నొప్పి తీరు తేడాగా ఉన్నవాళ్లలో, చేతుల బీపీ కలవనివాళ్లలో, ఛాతీ నొప్పితో పాటు కాలో చేయో చచ్చుబడినవాళ్లలో మాత్రం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి.

అంబులెన్స్ వచ్చేలోపు ఆస్పిరిన్ వేయవచ్చా?

ఛాతీ నొప్పికి ఆస్పిరిన్ నమలమని మీరు చాలాచోట్ల చదివే ఉంటారు. మామూలు గుండెపోటు నొప్పికి అది మంచి సలహాయే. కానీ నొప్పి ఒక్కసారిగా తారస్థాయిలో వచ్చి, వీపులోకి పోతూ ఉంటే మీ అంతట మీరు వేయకండి. ఈసీజీ చూసిన డాక్టరు నిర్ణయిస్తారు. ఇప్పటికే వేసేసి ఉంటే కంగారు పడకుండా ఏ మాత్ర, ఎన్ని గంటలకు వేశారో ఆసుపత్రిలో చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు రోజూ వాడుతుంటే ఆ చీటీ వెంట తెచ్చుకోండి. సర్జన్‌కు అది చాలా అవసరం.

ఈసీజీ, ఎక్స్‌రే, రక్త పరీక్షలు చాలవా? సీటీ యాంజియో తప్పదా?

ఈసీజీ గుండెపోటు ఉందో లేదో చూడటానికి. డిసెక్షన్‌లో అది పూర్తిగా నార్మల్‌గా ఉండొచ్చు. ఛాతీ ఎక్స్‌రేలో అయోర్టా నీడ వెడల్పుగా కనిపిస్తే అనుమానం పెరుగుతుంది, కానీ ఎక్స్‌రే బాగుందని ఇంటికి పంపలేం. డీ-డైమర్ అనే రక్త పరీక్ష ఒకటుంది. అనుమానం తక్కువగా ఉన్నవాళ్లలో అది నార్మల్‌గా వస్తే జబ్బు లేదని దాదాపుగా చెప్పొచ్చు. అనుమానం బలంగా ఉన్నవాళ్లలో మాత్రం దాని రిపోర్టు కోసం ఎదురుచూడటం టైం వేస్టు. నేరుగా స్కాన్‌కు వెళ్లాలి.

సీటీ యాంజియోలో చేతి నరంలోకి అయోడిన్ కలిసిన రంగు మందు ఎక్కించి, అది అయోర్టాలో పారుతున్న క్షణంలో మెడ నుంచి తొడల మొదలు దాకా చిత్రాలు తీస్తారు. పడుకోబెట్టి దించేదాకా కొద్ది నిమిషాల పని. విడిపోయిన పొర ఉందో లేదో దాదాపు నూటికి నూరు శాతం తెలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా చిరుగు ఎక్కడ, ఏ కొమ్మకు రక్తం అందడం లేదు, గుండె చుట్టూ రక్తం ఉందా అన్నవి కూడా తెలుస్తాయి. సర్జన్‌కు అదే మ్యాపు. గుండె కొట్టుకోవడం వల్ల అయోర్టా మొదలు దగ్గర చిత్రం చెదిరి, లేని పొర ఉన్నట్టు కనిపించడం ఒక్కోసారి జరుగుతుంది. ఈసీజీతో జతచేసి తీస్తే ఆ చిక్కు పోతుంది. సౌకర్యం ఉంటే అలాగే తీయించాలి.

"రంగు మందు కిడ్నీలు పాడుచేస్తుందట కదా, క్రియాటినిన్ రిపోర్టు వచ్చాక చేద్దాం" అని బంధువులు, కొన్నిసార్లు సిబ్బంది కూడా ఆగమంటారు. ఈ జబ్బులో ఆగకూడదు. జబ్బు దొరక్కపోతే పోయేది ప్రాణం. పైగా కిడ్నీకి వెళ్లే కొమ్మే మూసుకుపోయి ఉండొచ్చు.

ఛాతీ మీద పెట్టి చేసే ఎకోలో పొర కనిపిస్తే జబ్బు ఉన్నట్టే, కనిపించకపోతే లేదని కాదు. స్కాన్‌కు తీసుకెళ్లలేనంత అస్థిరంగా ఉన్నవాళ్లకు గొంతులోంచి అన్నవాహికలోకి గొట్టం దించి చేసే ఎకో బాగా పనికొస్తుంది. దాన్ని ఆపరేషన్ థియేటర్లోనే మత్తు ఇచ్చాక చేయొచ్చు.

టైప్ ఎ, టైప్ బి అంటారు. ఏమిటా తేడా?

గుండె నుంచి పైకి లేచే భాగంలో గోడ విడిపోతే టైప్ ఎ. ఆ భాగం బాగుండి, దాని తరువాతి భాగంలో, ముఖ్యంగా వీపు వైపు దిగే చోట విడిపోతే టైప్ బి. చికిత్స మొత్తం ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది.

టైప్ బి రోగుల్లో చాలామందికి వెంటనే కోత అవసరం రాదు. ఐసీయూలో ఉంచి బీపీ, నొప్పి అదుపులో పెడతారు. పగిలినా, కాలికో పేగుకో కిడ్నీకో రక్తం ఆగినా, మందులకు నొప్పి లొంగకపోయినా తొడ దగ్గరి రక్తనాళంలోంచి గుడ్డ చుట్టిన స్టెంట్ పంపి చిరుగును లోపలి నుంచి మూస్తారు.

టైప్ ఎ అయితే ఎందుకంత తొందర? ఒక రోజు మందులతో చూసి అప్పుడు ఆలోచించకూడదా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు ఇంట్లోవాళ్ల మనసులో చాలా ఉంటుంది. డబ్బు, హైదరాబాద్ తీసుకెళ్దామా అన్న ఆలోచన, పెద్దన్నయ్య వచ్చేదాకా ఆగుదామన్నది. అవన్నీ న్యాయమైనవే. అందుకే కారణం పూర్తిగా చెప్తాను.

పైకి లేచే భాగం గుండెకు ఆనుకుని ఉంటుంది. దాని మొదలు గుండె సంచి లోపలే ఉంటుంది. అక్కడ పగిలితే రక్తం ఆ సంచిలో చేరి గుండెను బయటినుంచి నొక్కేస్తుంది. హఠాత్తుగా చేరిన కొద్దిపాటి రక్తమే గుండెను ఆపేయడానికి చాలు. అదే చోట గుండె కవాటం ఉంటుంది, గోడ విడిపోతే కవాటం ఆధారం పోయి రక్తం వెనక్కి లీకవుతుంది. కరోనరీ నాళాలు అక్కడే మొదలవుతాయి, మెదడుకు వెళ్లే నాళాలు కాస్త ముందుకు వెళ్తే ఉంటాయి. ఈ నాలుగింటిలో ఏది జరిగినా మాత్రలతో సరిచేయలేం.

ఆపరేషన్ చేయకపోతే మొదటి రెండు రోజుల్లో గంటకు 1 నుంచి 2 శాతం మంది చొప్పున చనిపోతారన్నది ఏళ్లుగా చెప్పుకునే లెక్క. బీపీని గట్టిగా అదుపు చేసే ఈ రోజుల లెక్కల్లో అది గంటకు అర శాతం దగ్గరికి తగ్గింది. తగ్గిన లెక్క ప్రకారం చూసినా, ఒక రోజు ఆగితే వందలో పదిమందికి పైగా పోతారు. ఏ గంటలో ఎవరిది పగులుతుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు.

ఆపరేషన్ కూడా తేలికైనది కాదు. మంచి అనుభవమున్న చోట్ల కూడా వందలో పది నుంచి ఇరవై మంది దాకా దక్కరు. ముందే పక్షవాతం వచ్చినవాళ్లకు, గుండె చుట్టూ రక్తం చేరి బీపీ పడిపోయినవాళ్లకు, పేగులకు రక్తం ఆగినవాళ్లకు రిస్క్ ఇంకా పెరుగుతుంది. అందుకే బాగున్నప్పుడే, ఇవి రాకముందే థియేటర్లోకి తీసుకెళ్లాలన్నది. రోగి మాట్లాడుతూ, నవ్వుతూ ఉండగా ఇంత పెద్ద ఆపరేషన్‌కు సంతకం అడిగితే బంధువులకు నమ్మకం కలగదు. ఆపరేషన్‌కు అసలైన మంచి సమయం మాత్రం అదే.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

ఛాతీ ఎముక మధ్యలో తెరిచి, గుండె, ఊపిరితిత్తుల పని చూసే యంత్రానికి రోగిని కలుపుతారు. తరువాత శరీరాన్ని చల్లబరుస్తారు. చల్లబడితే మెదడుకు, మిగతా అవయవాలకు ఆక్సిజన్ అవసరం తగ్గుతుంది. కొంతసేపు శరీరమంతటా రక్త ప్రసరణ ఆపి, మెదడుకు మాత్రం విడిగా రక్తం పంపుతూ, చిరిగిన భాగాన్ని కోసి తీసి, డాక్రాన్ అనే పాలిస్టర్ గొట్టాన్ని కుడతారు. కవాటం బాగుంటే దాన్ని తిరిగి నిలబెట్టి కుడతారు. బాగుచేయలేకపోతే కృత్రిమ కవాటంతో సహా మారుస్తారు. మొత్తం ఆరేడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. రక్తం, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా చాలా కావాలి. కాబట్టి ఆసుపత్రి వాళ్లు రక్తదాతలను పిలవమంటే వెంటనే ఆ పనిలో దిగండి.

పైన చెప్పిన మెకానిక్‌కు చిరుగు కవాటానికి రెండు సెంటీమీటర్ల పైన దొరికిందనుకుందాం. ఆ భాగాన్ని తీసేసి గొట్టం కుట్టారు, కవాటాన్ని నిలబెట్టారు. కుడి కరోనరీ దారి తెరుచుకుంది. కానీ వంపు దాటి కిందికి విడిపోయిన గోడ అలాగే ఉంది. అదంతా మార్చడం ఈ ఆపరేషన్ లక్ష్యం కాదు, చంపే చోటును సరిచేయడమే లక్ష్యం. మిగిలినదాన్ని బీపీ అదుపుతో, స్కాన్లతో జీవితాంతం కనిపెట్టుకుని ఉండాలి. ఈ సంగతి ఇంటికి పంపేటప్పుడు అర్థమయ్యేలా చెప్పకపోతే, "ఆపరేషన్ అయిపోయింది, బాగైపోయింది" అని రోగి మళ్లీ మాత్రలు మానేస్తాడు.

ఈ జబ్బు చరిత్రలో మైఖేల్ డిబేకీ అనే అమెరికన్ సర్జన్ పేరు పెద్దది. 1950లలో ఈ ఆపరేషన్‌కు దారి వేసింది ఆయనే. 2005 చివరి రోజున, 97 ఏళ్ల వయసులో ఆయనకే ఈ జబ్బు వచ్చింది. మొదట గుండెపోటే అనుకున్నారు. 2006 ఫిబ్రవరిలో ఆయన బృందంవాళ్లే ఆయనకు ఆపరేషన్ చేశారు. కోలుకుని 2008 జూలై దాకా బతికారు. వయసు ఒక్కటే చూసి ఆపరేషన్ వద్దనుకునే ముందు ఈ సంగతి గుర్తుచేసుకోవచ్చు.

ఆపరేషన్ దాకా ఏ మందులు ఇస్తారు?

నొప్పికి మార్ఫిన్ లాంటి ఇంజెక్షన్. నొప్పి తగ్గకపోతే బీపీ తగ్గదు. తరువాత ఎస్మోలాల్ లేదా లాబెటలాల్ లాంటి మందు నరంలోంచి ఎక్కిస్తూ గుండె వేగాన్ని నిమిషానికి 60 దగ్గరికి, బీపీ పైఅంకెను 100 నుంచి 120 మధ్యకు తెస్తారు. వరుస ముఖ్యం. ముందు గుండె వేగం, తరువాతే రక్తనాళాలను వెడల్పు చేసే మందు. అలా కాకుండా బీపీ ఒక్కటే దించితే గుండె ఉలిక్కిపడి ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, ప్రతి దెబ్బకూ గోడ ఇంకా విడిపోతుంది. బీపీ ఎప్పుడూ ఎక్కువ చూపించే చేతికే చూడాలి.

విశాఖలో ఉంటే ఏం చేయాలి? శ్రీకాకుళం, పాడేరు వైపు ఉంటే?

108కు ఫోన్ చేయండి. రోగిని నడిపించకండి, మెట్లు దింపించకండి, స్కూటర్ మీద మధ్యలో కూర్చోబెట్టి తేకండి. నగరంలో మహారాణిపేటలో కేజీహెచ్, హనుమంతవాక దగ్గర విమ్స్ ఉన్నాయి. ఆరిలోవ హెల్త్ సిటీ వైపు, నగరంలోనూ ప్రైవేటు గుండె ఆసుపత్రులున్నాయి. మీరు అడగాల్సింది ఒక్కటే: ఈ పూట, ఈ గంటలో సీటీ యాంజియో తీసేవాళ్లూ, గుండె ఆపరేషన్ చేసే సర్జన్ బృందమూ ఇద్దరూ ఉన్నారా? స్టెంట్లు వేసే గుండె డాక్టరు ఉంటే చాలదు. టైప్ ఎకు ఛాతీ తెరిచే సర్జన్ కావాలి. ఇది బంధువులు తిరిగి కనుక్కునే పని కాదు, మొదట చూసిన డాక్టరు ఫోన్ చేసి చెప్తే నిమిషాల్లో తేలుతుంది. అలా చేయమని అడిగే హక్కు మీకుంది.

ఏజెన్సీ నుంచో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచో వచ్చేవాళ్ల విషయంలో నా అభిప్రాయం ఇది. దగ్గరి ఆసుపత్రిలో సీటీ ఉంటే అక్కడే తీసి, చిత్రాలను ఫోన్లో పంపి, బీపీ మందు నడుస్తుండగానే అంబులెన్స్ కదలాలి. సీటీ లేకపోతే దాని కోసం మరో ఊళ్లో ఆగకుండా నేరుగా సర్జన్ ఉన్న చోటికే రావాలి. ఘాట్ రోడ్డు మీద నొప్పితో, 180 బీపీతో ప్రయాణం చేయించడం మాత్రం చాలా ప్రమాదం. బయలుదేరే ముందే నొప్పి, బీపీ దించాలి.

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, అంటే పాత ఆరోగ్యశ్రీ, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి గంటలోనే కలవండి. ఒకరు రోగి దగ్గర ఉంటే ఇంకొకరు ఈ పని చూసుకోవాలి.

ఇది ఎవరికి వస్తుంది?

ఈ రోగుల్లో నలుగురిలో ముగ్గురికి బీపీ ఉంటుంది. ఏళ్లతరబడి ఎక్కువ ఒత్తిడితో కొట్టే రక్తం అయోర్టా గోడ మధ్య పొరను బలహీనం చేస్తుంది. ఎక్కువగా యాభై దాటిన మగవాళ్లలో చూస్తాం. పొగ తాగడం గోడను ఇంకా పాడుచేస్తుంది. మన దగ్గర నేను ఎక్కువగా చూసే కథ అదుపులో లేని బీపీదే. ఉందని తెలిసీ మాత్రలు ఆపడం, తలనొప్పి వచ్చినప్పుడే వేసుకోవడం. బీపీకి తలనొప్పి రావాలనేం లేదు. 170 ఉన్నా ఏమీ తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి.

నలభై లోపు వచ్చిందంటే పుట్టుకతో వచ్చిన కారణం కోసం వెతకాలి. మార్ఫాన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు బాగా పొడుగ్గా, సన్నగా, పొడవాటి వేళ్లతో ఉంటారు, కంటి లెన్స్ జారి ఉండొచ్చు. మూడు రెక్కలుండాల్సిన గుండె కవాటానికి రెండే రెక్కలతో పుట్టినవాళ్లకు అయోర్టా నెమ్మదిగా వెడల్పవుతుంది. ఇలాంటివాళ్లకు గర్భంతో ఉన్న చివరి నెలల్లో, కాన్పయిన కొద్ది వారాల్లో రిస్క్ పెరుగుతుంది. బాలింతకు హఠాత్తుగా ఛాతీ నొప్పి వస్తే "నీరసం, గ్యాస్" అని తోసేయకండి.

జిమ్‌లో ఊపిరి బిగపట్టి చాలా పెద్ద బరువులెత్తేటప్పుడు బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దాంతో ఇబ్బంది రాదు. అయోర్టా ముందే వెడల్పయి ఉన్న కుర్రాడికి మాత్రం అదే ఆఖరి దెబ్బ కావచ్చు.

ఇంటికి వచ్చాక ఎలా ఉండాలి?

బీపీ మాత్రలు జీవితాంతం. ఇంట్లో మిషన్ కొనుక్కుని చూసుకుంటూ, పైఅంకె 120-130 లోపు ఉండేలా డాక్టరుతో మాట్లాడి సర్దుకోవాలి. మొదటి ఏడాది కొన్ని నెలలకొకసారి, తరువాత ఏటా స్కాన్. మిగిలిన గోడ వెడల్పవుతోందా అన్నది స్కాన్ ఒక్కటే చెప్తుంది. నడక మంచిది, మామూలు పని చేసుకోవచ్చు. గ్యాస్ సిలిండర్, బియ్యం బస్తా ఎత్తకూడదు. మలబద్ధకం లేకుండా చూసుకోవాలి, ముక్కడం కూడా బీపీని పెంచుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ అయోర్టా జబ్బున్నవాళ్లకు వేరే దారి లేకపోతే తప్ప వాడకూడదు. మందుల షాపులో జ్వరానికి, విరేచనాలకు చీటీ లేకుండా ఇచ్చేవి ఇవే కాబట్టి ఈ పేర్లు రాసి పర్సులో పెట్టుకోండి.

కృత్రిమ లోహపు కవాటం పెట్టినవాళ్లకు రక్తం పలచబడే మాత్ర, దానికి తగ్గ రక్త పరీక్షలు అదనం.

నాన్నకు వచ్చింది. పిల్లలమైన మేం పరీక్ష చేయించుకోవాలా?

చేయించుకోవాలి. రోగి తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు ఒకసారి ఎకో చేయించుకోవాలి. బీపీ చూపించుకోవాలి. రోగికి చిన్న వయసులో వచ్చినా, ఇంట్లో ఎవరైనా అకస్మాత్తుగా చనిపోయి ఉన్నా జన్యు పరీక్ష గురించి కూడా అడగండి. అయోర్టా వెడల్పుగా ఉన్నట్టు ముందే తెలిస్తే చిరిగేదాకా ఆగక్కర్లేదు. సాధారణంగా 55 మిల్లీమీటర్లు చేరితే, మార్ఫాన్ లాంటివి ఉంటే 50 దగ్గరే, రోజు చూసుకుని నింపాదిగా ఆపరేషన్ చేస్తారు. అలా చేసేదాంట్లో రిస్క్, అర్ధరాత్రి ఎమర్జెన్సీలో చేసేదాని కంటే చాలా తక్కువ.

ఎకో చేయించుకున్నాక రిపోర్టులో "గుండె బాగుంది" అన్న మాటతో సరిపెట్టుకోకండి. అయోర్టా మొదలు, పైకి లేచే భాగం ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయో అంకెలు రాసి ఉండాలి. లేకపోతే అక్కడే అడిగి రాయించుకోండి, వచ్చే ఏడాది కొలతతో పోల్చడానికి ఆ కాగితం దాచండి.